టీవీలో బొమ్మ అప్పుడప్పుడు పోతుంటే సర్వీస్ సెంటర్‌కి ఏం రాయాలి?

ప్రశ్న: "మా 43 అంగుళాల ఎల్‌ఈడీ టీవీలో అప్పుడప్పుడు బొమ్మ పోతుంది, సౌండ్ మాత్రం వస్తూనే ఉంటుంది. ఆఫ్ చేసి ఆన్ చేస్తే మళ్లీ వస్తుంది. టెక్నీషియన్ వచ్చినప్పుడల్లా బాగానే పనిచేస్తోంది, ప్రాబ్లం లేదని రాసుకుని వెళ్లిపోతున్నారు. వారంటీ ఇంకా ఉంది. ఈసారి కంప్లైంట్ వివరంగా రాసి పంపాలనుకుంటున్నాను, ఏమేం రాయాలి?"

జవాబు:

నేను చాలా ఏళ్లు టీవీ రిపేర్ బెంచీ మీద పనిచేశాను, ఆ తర్వాత వచ్చిన కంప్లైంట్లు చదివి టెక్నీషియన్లకు పంచే పని కూడా చేశాను. కాబట్టి ఆ కాగితం అటువైపు ఎవరి చేతికి వెళ్తుందో, వాళ్లు అందులో దేనికోసం వెతుకుతారో చెప్పగలను.

టెక్నీషియన్ మీ ఇంటికి వచ్చి టీవీ ఆన్ చేసి పది పదిహేను నిమిషాలు చూస్తాడు. ఆ కాసేపట్లో బొమ్మ పోకపోతే అతను చేయగలిగింది పెద్దగా ఉండదు. ఫాల్ట్ కళ్లతో చూడకుండా ఫలానా పార్టు పాడైందని రాసి తెప్పించడం కష్టం, తెప్పించినా ఆ పార్టు మార్చాక బాగైందో లేదో తేల్చుకునే దారి ఉండదు. అందుకే 'నో ఫాల్ట్ ఫౌండ్' అని రాసి కంప్లైంట్ మూసేస్తారు. వాళ్లకు శ్రద్ధ లేక అని నేను అనను, వాళ్ల చేతిలో ఉన్న కంప్లైంట్‌లో 'స్క్రీన్ బ్లాక్ అవుతోంది, అప్పుడప్పుడు' అన్న ఒక్క ముక్క తప్ప ఇంకేం ఉండదు మరి. కాబట్టి మీరు రాసే నోట్ ఒక్క పని చేయాలి: ఎప్పుడు, ఎలా వాడితే ఆ ఫాల్ట్ కనిపిస్తుందో చదివినవాడికి తెలియాలి, తెలిస్తే అతను దాన్ని రప్పించి చూడగలుగుతాడు. ఏ బోర్డు పోయిందో మీరు చెప్పనక్కర్లేదు.

ముందు లక్షణం సంగతి. 'బ్లాక్ అవుతోంది' అంటే సర్వీస్ వాళ్లకు కనీసం నాలుగు వేరు వేరు జబ్బులు. ఒకటి, టీవీ మొత్తంగా ఆగిపోవడం, అంటే సౌండూ ఉండదు, కింద ఉండే చిన్న ఎర్ర లైట్ ఆరిపోవడమో మిణుకుమిణుకుమనడమో జరుగుతుంది. ఇది ఎక్కువగా పవర్ సప్లై వైపు చూపిస్తుంది. రెండు, టీవీ తనంతట తాను రీస్టార్ట్ అయి కంపెనీ లోగో మళ్లీ రావడం, ఇది మెయిన్ బోర్డు కావచ్చు, సాఫ్ట్‌వేర్ కావచ్చు, పవర్ కూడా కావచ్చు. మూడు, నల్లటి తెర మీద `No Signal` లాంటి మాట కనిపించడం. ఆ అక్షరాలు కనిపిస్తున్నాయంటే తెర వెలుగుతున్నట్టే, అప్పుడు బయటి బాక్సునో కేబుల్‌నో దాన్ని పెట్టిన పోర్టునో చూడాలి. నాలుగోది మీరు చెప్పింది, సౌండ్ వస్తూ బొమ్మ మాత్రం పోవడం. మీ నోట్‌లో మొదటి వాక్యం ఈ నాలుగింట్లో ఏదో స్పష్టంగా చెప్పాలి. 'బొమ్మ పోయినప్పుడు సౌండ్ ఆగదు, రిమోట్‌తో వాల్యూమ్ పెంచితే పెరుగుతుంది, ఛానెల్ మారిస్తే మారుతున్నట్టు వినిపిస్తుంది' అని రాస్తే చాలు, మెయిన్ బోర్డు అప్పటికీ పనిచేస్తూనే ఉందని చదివినవాడికి అర్థమైపోతుంది.

అయితే సౌండ్ ఉండి బొమ్మ లేకపోవడంలోనూ రెండు రకాలున్నాయి, వాటిని విడదీసే పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. ఎల్‌ఈడీ టీవీ అని మనం పిలిచేది నిజానికి ఎల్‌సీడీ తెరే, దానంతట అది వెలగదు. దాని వెనక ఎల్‌ఈడీ బల్బులున్న పట్టీలు ఉంటాయి, వాటి వెలుతురు తెరలోంచి బయటికి వస్తేనే మనకు బొమ్మ కనిపిస్తుంది. ఈ వెలుతురుని బ్యాక్‌లైట్ అంటారు. బ్యాక్‌లైట్ ఆరిపోయినా తెర మీద బొమ్మ తయారవుతూనే ఉంటుంది, చీకట్లో ఉంటుంది కాబట్టి కనపడదంతే. అందుకని ఈసారి బొమ్మ పోగానే టీవీ ఆఫ్ చేయకండి. గదిలో లైట్లు ఆర్పి, ఫోన్ టార్చ్ వేసి తెరకి బాగా దగ్గరగా, కొంచెం ఏటవాలుగా పట్టుకుని మెల్లగా అటూ ఇటూ జరుపుతూ చూడండి. ఛానెల్ లోగో గానీ మెనూ అక్షరాలు గానీ నీడలా లీలగా కదులుతూ కనిపిస్తే పోయింది బ్యాక్‌లైట్. రిమోట్‌తో మెనూ తెరిచి ఉంచితే పని తేలిక, ఎందుకంటే మెనూ పెద్ద అక్షరాలతో ఒకే చోట కదలకుండా ఉంటుంది. ఎంత వెతికినా ఏమీ కనపడకపోతే అలాగే రాయండి, 'టార్చ్ వేసి చూశాను, ఏమీ కనిపించలేదు' అనేది కూడా వాళ్లకు పనికొచ్చే సమాచారమే. అప్పుడు వాళ్లు ప్యానెల్‌కి బొమ్మ పంపే వైపు కూడా చూస్తారు. ఒక్క హెచ్చరిక, మీది ఓఎల్‌ఈడీ టీవీ అయితే ఈ పరీక్షకు అర్థం లేదు, దానికి బ్యాక్‌లైటే ఉండదు.

ఇంకొకటి, సెట్టింగుల్లో `Screen Off`, `Picture Off` లాంటి ఆప్షన్ చాలా టీవీల్లో ఉంటుంది, పాటలు వినేటప్పుడు కరెంటు ఆదా కోసం తెర మాత్రం ఆర్పేస్తుంది. రిమోట్‌లో పొరపాటున ఏదో నొక్కి అది ఆన్ అయ్యే ఇళ్లు చూశాను. సర్వీస్ సెంటర్ వాళ్లు ఫోన్‌లో మొదట అడిగేది కూడా దాదాపు ఇదే. ఒకసారి చూసి ఆఫ్‌లో ఉందని నోట్‌లో ఒక ముక్క రాసేయండి. దానితో పాటే ఎనర్జీ సేవింగ్, స్లీప్ టైమర్ కూడా.

ఇప్పుడు అసలు విషయం, టైమింగ్. ఎక్కువమంది రాసేది తేదీ, గంట: 'మంగళవారం రాత్రి ఎనిమిదికి పోయింది' అని. గడియారంలో టైమ్ టెక్నీషియన్‌కి పెద్దగా ఉపయోగపడదు. అతనికి కావాల్సినవి రెండు సంఖ్యలు. టీవీ ఆన్ చేసిన ఎన్ని నిమిషాలకు పోయింది, అంతకుముందు ఎంతసేపు ఆఫ్‌లో ఉంది. ఈ రెండూ కలిస్తేనే వేడికీ ఫాల్ట్‌కీ లింకు ఉందో లేదో తేలుతుంది. రెండో సంఖ్యని దాదాపు ఎవరూ రాయరు, కానీ నేను కంప్లైంట్లు చదివేటప్పుడు ముందు దానికోసమే వెతికేవాణ్ని.

ఎలాగో ఒక కేసు తీసుకుని చూపిస్తాను. లక్షణాలు మీలాగే ఉన్న ఒక కస్టమర్ ఇలా రాసుకొచ్చారు అనుకోండి. ఉదయం నుంచి ఆఫ్‌లో ఉన్న టీవీ సాయంత్రం 7:05కి ఆన్ చేశారు, 7:48కి బొమ్మ పోయింది. ఆఫ్ చేసి 7:50కి ఆన్ చేశారు, బొమ్మ వచ్చింది గానీ 7:58కే మళ్లీ పోయింది. ఈసారి ఆఫ్ చేసి 8:30 దాకా ఆగి ఆన్ చేశారు, 8:57 వరకు నడిచింది. అంటే చల్లగా ఉన్న టీవీ 43 నిమిషాలు నడిచింది, వేడి మీద వెంటనే ఆన్ చేస్తే 8 నిమిషాలు, అరగంట చల్లారాక 27 నిమిషాలు. చల్లారిన కొద్దీ ఎక్కువసేపు నడుస్తోంది. ఈ మూడు అంకెలు చూసిన ఏ టెక్నీషియన్ అయినా కేబుల్ గురించీ సిగ్నల్ గురించీ ఆలోచించడం మానేసి, లోపల వేడికి వదులవుతున్నది ఏదో ఉందని అనుకుంటాడు.

లోపల ఏం జరుగుతూ ఉండొచ్చో కూడా చెబుతాను, ఎందుకంటే అది తెలిస్తే ఏం గమనించాలో మీకే తోస్తుంది. బ్యాక్‌లైట్ పట్టీల్లో ఎల్‌ఈడీలు ఒకదాని తర్వాత ఒకటి సిరీస్‌లో ఉంటాయి, వాటన్నిటి గుండా ఒకే కరెంటు పోతుంది. వాటిలో ఒక్క ఎల్‌ఈడీ లోపలి అతుకు బలహీనపడినా, పట్టీకి వచ్చే కనెక్టర్ వదులైనా, చల్లగా ఉన్నంతసేపు పని జరుగుతుంది. వేడెక్కాక లోహం వ్యాకోచించి అతుకు విడిపోతుంది, వరస మొత్తం తెగినట్టవుతుంది. పట్టీలకి కరెంటు ఇచ్చే డ్రైవర్ సర్క్యూట్ ఆ కరెంటు పోవడం లేదని గమనించి వోల్టేజీ పెంచుకుంటూ పోతుంది, ఒక హద్దు దాటగానే ప్రొటెక్షన్‌లోకి వెళ్లి బ్యాక్‌లైట్ మొత్తాన్ని ఆర్పేస్తుంది. అందుకే ఒక్క బల్బు తేడా చేసినా తెరంతా ఒకేసారి చీకటి అవుతుంది. మెయిన్ బోర్డుకీ స్పీకర్లకీ దీంతో సంబంధం లేదు కాబట్టి సౌండ్ అలాగే వస్తుంది. ఆఫ్ చేసి ఆన్ చేస్తే ప్రొటెక్షన్ రీసెట్ అయి మళ్లీ మొదటి నుంచి ప్రయత్నిస్తుంది. కొన్ని టీవీల్లో ఆన్ చేయగానే ఒక సెకను వెలిగి టక్కున ఆరిపోవడం కూడా ఇదే కథలో తర్వాతి దశ.

అయితే ఇదే లక్షణం డ్రైవర్ సర్క్యూట్ పాడైనా వస్తుంది, పవర్ బోర్డు మీద సోల్డరింగ్ పగిలినా వస్తుంది. పట్టీనా, డ్రైవరా, కనెక్టరా అన్నది బయటి నుంచి చూసి చెప్పలేం. వెనక మూత తీసి మీటర్ పెట్టి కొలవాలి. అందుకే నోట్‌లో 'బ్యాక్‌లైట్ పట్టీలు పోయాయి, మార్చండి' అని రాయొద్దని అంటున్నాను. అలా రాస్తే వాళ్లు పట్టీలు తెప్పించి మార్చి వెళ్లిపోవచ్చు, అసలు లోపం బోర్డులో ఉంటే మళ్లీ మొదటికే వస్తారు. మీరు చూసింది రాయండి, దాని అర్థమేంటో వాళ్లు తేల్చుకుంటారు.

వేడి అనుమానాన్ని గట్టి చేసే ప్రయోగం ఇంకొకటి ఉంది, స్క్రూ కూడా తిప్పక్కర్లేదు. పిక్చర్ సెట్టింగుల్లో `Backlight` అని ఉంటే దాన్ని సగానికి తగ్గించి రోజూ చూసేలాగే చూడండి. వెలుతురు తగ్గితే పట్టీల్లో కరెంటు తగ్గుతుంది, వేడీ తగ్గుతుంది. ఇందాకటి కేసులో 90 ఉన్నదాన్ని 40కి తగ్గిస్తే రెండు సాయంత్రాలు రెండేసి గంటలు నడిచినా బొమ్మ పోలేదు, మూడో రోజు మళ్లీ 90 పెడితే 41 నిమిషాలకు పోయింది. మూడో రోజు వెనక్కి మార్చి చూడటం చాలా ముఖ్యం, లేకపోతే ఆ రెండు రోజులూ కాకతాళీయంగా బాగుందేమో అనొచ్చు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. చాలా టీవీల్లో `Brightness` అనేది బ్యాక్‌లైట్‌ని ముట్టుకోదు, బొమ్మలో నలుపు ఎంత నల్లగా ఉండాలో మారుస్తుందంతే. కొన్ని కొత్త మోడళ్లలో మాత్రం `Brightness` అంటేనే బ్యాక్‌లైట్. కాబట్టి 'వెలుతురు తగ్గించాను' అని రాయకుండా, మెనూలో ఏ పేరు కనిపిస్తే ఆ పేరే, ఎంత నుంచి ఎంతకి మార్చారో అదే రాయండి.

ఇలా చూసుకుంటూ పోతే మీ టీవీ ఈ లెక్కకి రాకపోవచ్చు కూడా. ఒకరోజు 5 నిమిషాలకే పోయి, మర్నాడు మూడు గంటలు నడిచి, టైమ్‌కి ఏ వరసా లేకపోతే వేడిని పక్కన పెట్టి అప్పుడు ఏం జరుగుతోందో చూడండి: ఒకే ప్లగ్‌లో ఇంకేదైనా పెద్ద మోటారు ఆన్ అయినప్పుడా, తలుపు గట్టిగా వేసినప్పుడా, టీవీని కొంచెం జరిపినప్పుడా, తెరంతా తెల్లగా ఉండే సీన్ వచ్చినప్పుడా. పొద్దున మొదటిసారి ఆన్ చేసినప్పుడే బొమ్మ రాక, రెండు మూడుసార్లు చేశాక వచ్చి ఇక రోజంతా బాగుండటం అనేది మళ్లీ వేరే రకం, అది చల్లగా ఉన్నప్పుడు వచ్చే ఫాల్ట్. పవర్ బోర్డులో కెపాసిటర్లు నీరసించినప్పుడు ఇలా అవుతుంటుంది. దానికి టెక్నీషియన్ చూడాల్సిన తీరు కూడా తలకిందులే, ఆ సంగతి కిందకి వస్తాను.

ఇప్పటికే చేసి చూసినవి రాయడంలో కూడా కాస్త పద్ధతి ఉంది. 'కేబుల్ మార్చాను, రీసెట్ చేశాను, అన్నీ చేశాను' అని రాస్తే వాళ్లు నమ్మరు, మళ్లీ ఫోన్‌లో అవే చేయిస్తారు. ప్రతిదానికీ ఏం చేశారు, ఆ తర్వాత ఎంతకాలం చూశారు, ఫాల్ట్ మళ్లీ వచ్చిందా అన్న మూడూ ఉండాలి. 'సెట్‌టాప్ బాక్స్ పూర్తిగా తీసేసి టీవీలోని యాప్‌లోనే సినిమా పెట్టాను, 40 నిమిషాలకు అలాగే పోయింది' అన్న ఒక్క వాక్యం బాక్సునీ, కేబుల్‌నీ, హెచ్‌డీఎంఐ పోర్టునీ ఒకేసారి లెక్కలోంచి తీసేస్తుంది. కేబుళ్లు ఒక్కోటీ మార్చడం కంటే ముందు ఇదే చేయమంటాను. ప్లగ్ విషయంలోనూ అంతే, ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసేసి గోడ సాకెట్‌లో నేరుగా పెట్టి చూశారో లేదో రాయండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, రెండు కలిపి మారిస్తే దేని వల్ల తేడా వచ్చిందో ఎవరికీ తెలియదు.

ఎంతకాలం చూస్తే చాలు అని అడుగుతారేమో. నేను పెట్టుకున్న లెక్క సులువు: మామూలుగా ఎంత కాలానికి ఒకసారి ఫాల్ట్ వస్తుందో దానికి కనీసం మూడు రెట్ల కాలం బాగుంటేనే ఏదో మారిందని అనుకుంటాను. రోజూ పోయే బొమ్మ మూడు నాలుగు రోజులు పోకపోతే అర్థం ఉంది. వారానికోసారి పోయేది నాలుగు రోజులు పోకపోతే దానికి ఏ అర్థమూ లేదు, నోట్‌లో 'కేబుల్ మార్చాక బాగైంది' అని రాసేశారంటే వాళ్లను తప్పుదారి పట్టించినట్టే.

ఫ్యాక్టరీ రీసెట్ మాత్రం తొందరపడి చేయకండి. మీ టీవీ ఏ సెట్టింగుల్లో ఉండగా ఫాల్ట్ వచ్చిందో ఆ వివరమంతా అది తుడిచేస్తుంది, బ్యాక్‌లైట్ కూడా డిఫాల్ట్‌కి వెళ్లిపోయి మీ టైమింగ్ లెక్కలన్నీ మారిపోవచ్చు. వాళ్లు చేయమని పట్టుబడితే చేయండి, కానీ ముందు పిక్చర్ సెట్టింగుల పేజీకీ, సాఫ్ట్‌వేర్ వెర్షన్ చూపించే పేజీకీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఇక వెనక మూత తీయడం గురించి ఆలోచన కూడా వద్దు. వారంటీ పోవడం ఒక ఎత్తు, ప్లగ్ తీసేశాక కూడా పవర్ బోర్డులోని పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైన చార్జి కాసేపు నిలిచి ఉండొచ్చు, అది ప్రాణం మీదకు తెస్తుంది. తెర మీద తట్టడం, వేడి గాలి కొట్టడం లాంటివీ వద్దు.

వీడియో తప్పకుండా తీయండి. ఫాల్ట్ వచ్చిన క్షణమే దొరకాలని లేదు, వచ్చిన తర్వాత అయినా చాలు. అర నిమిషం వీడియోలో మూడు కనిపించాలి, వినిపించాలి: తెర మొత్తం, కింద స్టాండ్‌బై లైట్, వెనక వస్తున్న సౌండ్. రిమోట్‌తో వాల్యూమ్ పెంచి అది పెరగడం వినిపించండి, తర్వాత టార్చ్ వేసి లీలగా ఉన్న మెనూని చూపించండి. స్టాండ్‌బై లైట్ గనక మిణుకుమంటుంటే ఆ భాగాన్ని ఇంకొంచెం ఎక్కువసేపు తీయండి. చాలా టీవీల్లో అది ఎన్నిసార్లు వెలిగి ఆగుతోంది అనేదే ఫాల్ట్ కోడ్, టెక్నీషియన్ దగ్గర దానికి పట్టిక ఉంటుంది. మీరు లెక్కపెట్టి 'ఆరుసార్లు వెలిగి, కాసేపు ఆగి, మళ్లీ ఆరుసార్లు' అన్నట్టు రాస్తే ఇంకా మంచిది.

మోడల్ నంబర్ వెనక స్టిక్కర్ మీదున్నది ఉన్నట్టు, చివర ఉండే అక్షరాలతో సహా రాయాలి. పెట్టె మీదో బిల్లు మీదో ఉండే పొట్టి పేరు సరిపోదు, ఒకే మోడల్ పేరుతో వేరు వేరు ప్యానెళ్లు వేసిన టీవీలు ఉంటాయి, పట్టీలూ వేరే ఉంటాయి. ఆ స్టిక్కర్ ఫొటో జత చేస్తే టెక్నీషియన్ మొదటిసారే సరైన పార్టుతో రాగలుగుతాడు.

ఇవన్నీ కలిపి నోట్ ఎలా ఉంటుందో రాసి చూపిస్తాను. అంకెలు ఇందాకటి కేసువే, మీవి మీరు పెట్టుకోండి.

"విషయం: టీవీ వేడెక్కాక బొమ్మ పోతోంది, సౌండ్ వస్తోంది. ఇంతకుముందు విజిట్లలో ఫాల్ట్ కనపడలేదు.

మోడల్, సీరియల్ నంబర్ల స్టిక్కర్ ఫొటో, బిల్లు కాపీ, పాత కంప్లైంట్ నంబర్లు జత చేశాను.

టీవీ ఆన్ చేసిన 40 నుంచి 45 నిమిషాలకు తెరంతా ఒకేసారి చీకటి అవుతుంది. గీతలు, రంగుల తేడా, మిణుకు ముందుగా ఏమీ ఉండవు. సౌండ్ ఆగదు, రిమోట్ పనిచేస్తుంది, స్టాండ్‌బై లైట్‌లో మార్పు లేదు. టార్చ్ వేసి దగ్గరగా చూస్తే మెనూ లీలగా కనిపిస్తోంది, వీడియో పంపుతున్నాను. ఆఫ్ చేసి ఆన్ చేస్తే బొమ్మ వస్తుంది.

ఒకరోజు లెక్క: పగలంతా ఆఫ్‌లో ఉన్నాక ఆన్ చేస్తే 43 నిమిషాలకు పోయింది. 2 నిమిషాలు ఆపి ఆన్ చేస్తే 8 నిమిషాలకు, అరగంటకు పైగా ఆపి ఆన్ చేస్తే 27 నిమిషాలకు పోయింది. మూడు వారాలుగా దాదాపు రోజూ ఇలాగే ఉంది. మొదట్లో గంటన్నర నడిచేది, ఇప్పుడు టైమ్ తగ్గుతోంది.

చేసి చూసినవి: బయటి పరికరాలన్నీ తీసేసి టీవీలోని యాప్‌లో చూశాను, నాలుగు రోజులు, తేడా లేదు. ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసి గోడ సాకెట్‌లో పెట్టాను, మూడు రోజులు, తేడా లేదు. Backlight 90 నుంచి 40కి తగ్గిస్తే రెండు రోజులు రెండేసి గంటలు నడిచినా పోలేదు, మళ్లీ 90 పెడితే 41 నిమిషాలకు పోయింది. స్క్రీన్ ఆఫ్, ఎనర్జీ సేవింగ్, స్లీప్ టైమర్ ఆఫ్‌లో ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఫొటో జత చేశాను. ఫ్యాక్టరీ రీసెట్ చేయలేదు. టీవీ మూత ఎవరూ తీయలేదు.

అడుగుతున్నది: ఆన్ చేసిన వెంటనే చూస్తే ఫాల్ట్ కనపడదు. టెక్నీషియన్ బయల్దేరే ముందు ఫోన్ చేస్తే టీవీ గంట ముందే ఆన్ చేసి ఉంచుతాను. ఇంట్లో తేలకపోతే సెంటర్‌కి తీసుకెళ్లి కనీసం రెండు గంటలు నడిపి చూడగలరు."

ఇంతే, ఒక పేజీ. దీనికంటే పొడుగు రాస్తే ఫోన్ స్క్రీన్ మీద చదివే టెక్నీషియన్ సగంలో వదిలేస్తాడు. ఎన్నిసార్లు ఫోన్ చేశారో, ఎంత విసిగిపోయారో ఇందులో కలపకండి. ఆ బాధ నిజమే, కానీ అది వేరే ఉత్తరంలో, కస్టమర్ కేర్ పై అధికారికి రాయండి. రిపేర్ చేసేవాడి నోట్‌లో అది ఉంటే మధ్యలో ఉన్న 43, 8, 27 అతని కంట పడవు. 'టైమ్ తగ్గుతోంది' అన్న ముక్కని మాత్రం వదలకండి, మీ టీవీలో అలా జరుగుతుంటే. రోగం ముదురుతోందని చెప్పే ఆధారం అదొక్కటే.

చివరి పేరా గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే నా అనుభవంలో అది సరిగ్గా రాసినవాళ్ల టీవీలే మొదటి విజిట్‌లో తేలేవి. వేడికి వచ్చే ఫాల్ట్ అయితే టెక్నీషియన్ వచ్చేసరికి టీవీ కనీసం గంట నుంచి నడుస్తూ ఉండాలి, బ్యాక్‌లైట్ మీరు మామూలుగా వాడే స్థాయిలోనే ఉండాలి. తగ్గించి పెట్టింది ఆరోజు వెనక్కి పెంచడం మర్చిపోతే మీ ప్రయోగమే మిమ్మల్ని దెబ్బతీస్తుంది. అతను రాకముందే బొమ్మ పోతే ఆఫ్ చేయకుండా అలాగే వదిలేయండి, సౌండ్ వస్తున్న చీకటి తెరని అతను తన కళ్లతో చూడాలి. ఒకవేళ మీది చల్లగా ఉన్నప్పుడే వచ్చే ఫాల్ట్ అయితే సరిగ్గా దీనికి ఉల్టా, ముందు రోజు రాత్రి నుంచి టీవీ ముట్టుకోకుండా ప్లగ్ తీసి ఉంచి, అతను వచ్చాకే మొదటిసారి ఆన్ చేయాలి, ఆ మాటే నోట్‌లో రాయాలి. వచ్చే ముందు ఒక్కసారి ఆన్ చేసి చూద్దాం అనుకున్నారంటే ఆ విజిట్ వృథా.

అప్పటికీ కనపడకపోతే జాబ్ షీట్ మీద సంతకం చేసే ముందు ఏం రాశారో చదవండి. 'ప్రాబ్లం లేదు' అని ఉంటే, 'ఇన్ని నిమిషాలు నడిపి చూశాం, ఆ సమయంలో ఫాల్ట్ రాలేదు, కస్టమర్ వీడియో చూపించారు' అని రాయమని మర్యాదగా అడగండి. రెండూ ఒకటి కావు. మొదటిదానితో వారంటీ అయిపోయాక ఇదే ఫాల్ట్ మీద మీరు అడగడం కష్టమవుతుంది, రెండోది ఉంటే ఫలానా తేదీకే, వారంటీలో ఉండగానే ఈ లక్షణం నమోదైందని చూపించొచ్చు. జాబ్ షీట్‌కి ఫొటో తీసి, ఆ నంబరు వేసి, ఇదే నోట్‌ని ఆరోజే మళ్లీ మెయిల్ చేయండి, ఈసారి సెంటర్‌కి తీసుకెళ్లి రెండు గంటలు నడిపి చూడమన్న వాక్యాన్ని పైకి తెచ్చి పెట్టండి.